చెయ్యి ముందా, మూర్ఛ ముందా

నల్లగొండలో నాకో చిన్న వీడియో దుకాణం ఉండేది. పెళ్లిళ్లు, పుట్టెంటికలు, ఓణీ ఫంక్షన్లు తీసేవాణ్ణి. వచ్చిన దాంతో ఇల్లు గడిచేది, మిగిలిన సమయంలో మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాసేవాణ్ణి. హేతువాద సంఘం సభల్లో వాదించడం నాకు చిన్నప్పుడే అలవాటైంది. ఎదుటివాడి చేతనే నిజం చెప్పించాలన్నది మాకు నేర్పిన మొదటి పాఠం. దేవుడు లేడనే సారు పూజల వీడియోలు బాగా తీస్తాడని నా మీద ఊళ్లలో ఒక ఎకసెక్కం ఉండేది. నేను దాన్ని పొగడ్తగానే తీసుకునేవాణ్ణి.

కట్టంగూరు దాటాక లోపలికి ఉన్న ఒక ఊళ్లో ఒక రైతు మనవడికి పుట్టెంటికలు తీస్తున్నారంటే వెళ్లి వీడియో తీశాను. పిల్లవాడు మేనమామ ఒళ్లో కూర్చున్నాడు. ఎదురుగా గుండు చేసే ఆయన, మంత్రాలు చదివే పంతులు. పక్కన, పొరుగింటి అవ్వ. గొర్లు పెంచే కుటుంబం ఆమెది, భర్త పోయాడు, కొడుకు మంద తోలుతాడు. విందుకు పొట్టేలు వాళ్ల దొడ్డి నుంచే వచ్చింది కాబట్టి ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టారు. కత్తి రెండోసారి తలకు తగిలేసరికి పిల్లవాడికి మూర్ఛ వచ్చింది. కళ్లు తేలేశాడు, పిడికిళ్లు బిగిశాయి. అవ్వ చప్పున చెయ్యి చాపి, తల వెనక్కి పడకుండా పట్టుకుంది. కాసేపటికి పిల్లవాడు తేరుకుని ఏడ్చాడు. అందరూ ఎండదెబ్బ అన్నారు. విందు జరిగింది. నేను కూడా తిన్నాను.

వీడియో పెన్‌డ్రైవులో ఇచ్చేశాను. తర్వాత పిల్లవాడికి ఇంకోసారి మూర్ఛ వచ్చింది.

వాళ్ల నాయిన ఫోన్లో వీడియో పెట్టుకుని, కింద ఉండే గీతను వేలితో జరుపుతూ ఆ ఘట్టం కోసం వెతికాడు. అతనికి రెండే బొమ్మలు దొరికాయి. ఒకదాంట్లో పిల్లవాడు నవ్వుతున్నాడు. వేలు కాస్త జరిపితే రెండోది: అవ్వ చెయ్యి పిల్లవాడి తల మీద ఉంది, కళ్లు తేలిపోయి ఉన్నాయి. మళ్లీ జరిపాడు. మళ్లీ ఆ రెండే. నవ్వు, చెయ్యి. మధ్యలో ఏమీ లేదు. చెయ్యి పెట్టింది, పిల్లవాడు మూర్ఛపోయాడు. సాయంత్రానికి ఆ రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి ఊరి వాట్సాప్ గుంపులో తిరిగాయి. కింద చేతబడిని చెప్పే ఒక్క మాట: బాణామతి.

మర్నాటి నుంచి బోరింగు దగ్గర అవ్వ బిందె పెడితే మిగతా ఆడవాళ్లు తమ బిందెలు తీసుకుని వెళ్లిపోయేవాళ్లు. ఆమె దొడ్డి తలుపుకు ఎవరో చీపురుకట్ట వేలాడదీశారు. కొడుకు నా దగ్గరికి వచ్చాడు. దుకాణంలో కూర్చోమన్నా కూర్చోలేదు.

"సారూ, వీడియో నువ్వే తీసినవ్ గద. మా అవ్వ చెయ్యి ముందు వెట్టిందా, పోరనికి ఫిట్సు ముందొచ్చినయా? గది ఒక్కటి తేల్చు. ఆయితారం ఊరంత రైతువేదికల కూసుంటాన్రు. ఆడ తప్పు తేలితే పండ్లు ఊడగొడ్తమంటున్నరు."

పళ్లు ఊడగొట్టడమంటే నోట మంత్రం స్పష్టంగా రాకుండా చెయ్యడం. ఇది నా చిన్నప్పటి కథ అనుకునేవాణ్ణి. చేతిలో ఫోను పట్టుకున్న మనిషి నోట అదే మాట వింటే ఒళ్లు మండింది.

కెమెరా కార్డు తర్వాతి పెళ్లి కోసం ఎప్పుడో చెరిపేశాం. మా దుకాణాలన్నిట్లో పద్ధతి అదే. మిగిలింది పెన్‌డ్రైవు కోసం కుదించిన ఫైలు ఒక్కటే. ఎడిటింగు కంప్యూటర్లో దాన్ని పెట్టి ఒక్కో ఫ్రేమూ, అంటే ఒక్కో బొమ్మా, నడిపాను. నిజం అక్కడే ఉంది. కళ్లు పైకి వెళ్తాయి, పిడికిలి బిగుస్తుంది, అప్పటికి అవ్వ చెయ్యి ఆమె మోకాలి మీదే ఉంటుంది. ఆ తర్వాతే లేస్తుంది. ఆ ఫ్రేము సమయం కాగితం ముక్క మీద రాసుకుని, ఇక గెలిచేశాననుకుని ఆదివారం ఊరికి పోయాను.

రైతుల మీటింగులకు కట్టిన రైతువేదిక హాలు నిండిపోయింది. గోడకు పెద్ద టీవీ. కింద ముందు వరసలో పిల్లవాడి తాత, ఆయనే ఊరికి పెద్దమనిషి. ఆయన పక్కన హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేసే ఆయన కొడుకు, పిల్లవాడి మేనమామ. అవ్వను గడప బయటే కూర్చోమన్నారు. ఆమె చెప్పులు విడిచి, వాటి పక్కనే కూర్చుంది.

"ఏం సారూ, దేవుడు లేడంటవు, దయ్యం లేదంటవు. మరి మా పోరన్ని ఏం వట్టింది?" అన్నాడు తాత.

"రోగం పట్టింది. దవాఖానకు తీస్కపోండి. ముందు ఈ వీడియో చూడండి," అన్నాను.

పెన్‌డ్రైవు వాళ్లదే. టీవీ వాళ్లదే. నేను రాసుకున్న సమయం చెప్పాను, మేనమామ రిమోటుతో ఆ అంకెలు కొట్టాడు. పిల్లవాడు నవ్వుతూ ఆగాడు. అవ్వ చెయ్యి మోకాలి మీద, కానీ మూర్ఛ జాడే లేదు.

"గిదేనా నీ సాక్షం?" అన్నాడు మేనమామ.

ఇంకొంచెం ముందుకు కొట్టమన్నాను. కొట్టాడు. ఈసారి చెయ్యి తల మీద ఉంది, కళ్లు తేలిపోయి ఉన్నాయి. వెనక్కి కొడితే మళ్లీ నవ్వు. మామూలుగా నడిపి ఆపమన్నాను. రిమోటు నొక్కిన చాలాసేపటికి ఆగే టీవీ అది, అప్పటికి చెయ్యి వచ్చేసింది. వేగంగా నడిచేటప్పుడు గుండు చేసే ఆయన మోచెయ్యి కాస్త అడ్డం వస్తుంది, ఆ రెప్పపాటులో ఎవరికి కావలసింది వాళ్లు చూశారు.

"సారు జెప్పిన టైముల సారు జెప్పిన బొమ్మ లేదు," అని వెనక నుంచి ఎవరో అన్నారు. "దేవుని లెక్కనే ఉన్నది. ఉన్నదంటరు, సూపియ్యమంటె కనవడది."

జనం నవ్వారు. నేను ఇరవై ఏళ్లుగా వేసిన చురక నాకే తగిలింది.

లేచి నిలబడి వివరించాను. వీడియో అంటే సెకనుకు పాతిక బొమ్మలు. అన్నిటినీ పూర్తిగా దాస్తే ఏ పెన్‌డ్రైవూ చాలదు. కాబట్టి అప్పుడప్పుడు ఒక బొమ్మను మాత్రమే పూర్తిగా దాస్తారు. దాన్ని కీఫ్రేమ్ అంటారు. ఈ ఫైల్లో అది పది సెకన్లకొకటి ఉంది. మధ్యలో ఉన్నవాటికి పూర్తి బొమ్మ ఉండదు, ముందు బొమ్మకూ దీనికీ మారిందేమిటో అంతే రాసి ఉంటుంది. ఇక్కడ చెయ్యి కదిలింది, అక్కడ గోడ అలాగే ఉంది అని.

"మంద తోలేటాయన పొద్దున దొడ్డి కాడ జీవాలన్ని లెక్కవెడ్తడు," అన్నాను, అవ్వ కొడుకు వైపు చూపిస్తూ. "తర్వాత తొవ్వల లెక్కవెట్టడు. ఒకటి ఎనకవడ్డది, రెండు చేన్ల జొరవడ్డయి, గంతే యాదివెట్టుకుంటడు. నడుమ ఏడనన్న ఆపి, ఇప్పుడెన్ని జీవాలున్నయంటె, పొద్దటి లెక్క కాడి నుంచి ఒక్కొక్కటి కలుపుకుంట తీసుకుంట రావాలె. గా కష్టం ఈ టీవీ పడది. దగ్గర్ల ఉన్న పూర్తి లెక్క జెప్పి ఊకుంటది. మీరు అడిగిన బొమ్మ కాదు, దాని పక్కన ఉన్న కీఫ్రేమ్ సూపిస్తున్నది."

"గొర్ల లెక్క మాకు జెప్పవట్టె," అన్నాడు తాత. మళ్లీ నవ్వులు.

మేనమామ నవ్వలేదు. అతను చదువుకున్నవాడు. అందుకే అతని దెబ్బ గట్టిగా తగిలింది. తన లాప్‌టాప్ తెరిచి, "నేను కూడ సూసిన సార్. ఫైలు లోపల ఫ్రేములు ఏ వరుసల ఉన్నయో మొత్తం తీసిన. టైములు సక్కగ లేవు. ఒకటి, తర్వాత నాలుగు, మల్ల రెండు, మూడు. గట్ల ముందుకువోయి ఎనకకొస్తున్నయి. అసలు వీడియోల టైము ఎనకకు పోతదా? మీరు ముక్కలు మార్చి అతికిచ్చిన్రు," అన్నాడు.

హాలంతా ఒక్కసారి నా వైపు తిరిగింది. చేతబడి చేసినది ఇప్పుడు ఇద్దరు.

"మార్చలేదు. అవి బీ-ఫ్రేములు," అన్నాను. "కొన్ని బొమ్మలు ముందు దాన్నొక్కదాన్నే కాదు, తర్వాత రాబోయే దాన్ని కూడా చూసి గీస్తారు. రెండు వైపులా తెలిస్తే నడుమ రాయాల్సింది తక్కువవుతుంది. కానీ తర్వాతది చేతిలో లేకుండా నడిమిది గీయలేం. అందుకని ఫైల్లో తర్వాతదాన్ని ముందే పెడతారు. నాలుగోది వచ్చాకే రెండు, మూడు వస్తాయి. తెర మీద వేసేటప్పుడు ఒకటి, రెండు, మూడు, నాలుగు అని సర్ది వేస్తారు. నీ ఫోన్లో ఉన్న పెళ్లి వీడియో ఏదైనా తీసి చూడు, చాలావాటిలో ఇదే వరుస ఉంటుంది."

"మరి దాసిన వరుసల చెయ్యే ముందున్నది గద," అన్నాడు తాత. ఆయనకు అర్థమైంది అంతే, ఆయనకు కావలసిందీ అంతే.

"దాచిన వరుస జరిగిన వరుస కాదు."

"నువ్వనుడే."

ఇక్కడ నేను నేర్చుకున్న పాఠం పనికొచ్చింది. నా మాట నమ్మొద్దన్నాను. నా కంప్యూటరు వద్దు, నా ఫైలు వద్దు. మీ పెన్‌డ్రైవు, పిల్లవాడి మేనమామ లాప్‌టాప్, మీ కళ్ల ముందు. ఆ ఒక్క నిమిషాన్ని మాత్రం అతన్నే కొత్తగా మార్చమనండి. ప్రతి ఫ్రేమూ కీఫ్రేమ్ అయ్యేలా, బీ-ఫ్రేములు ఒక్కటీ లేకుండా. అప్పుడు ప్రతి బొమ్మా పూర్తిగా ఉంటుంది. ఫైలు ఉబ్బుతుంది, ఉబ్బనీ. దాచిన వరుసా చూపే వరుసా ఒకటే అవుతాయి. టీవీకి ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగడానికి ఒక బొమ్మ ఉంటుంది.

మేనమామ ఒప్పుకున్నాడు. అతనిలో మోసం లేదు, ఆ మాట చెప్పాలి. ఏమేం మార్చాలో నేను చెప్తుంటే అతనే నొక్కాడు. అయ్యాక తన పద్ధతిలో మళ్లీ వరుస తీసి చూశాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. "సక్కగయినయి," అని మెల్లగా అన్నాడు. టీవీకి పెట్టి అంకెలు కొట్టాడు.

ఆగింది. నేను చెప్పిన చోట, నేను చెప్పిన బొమ్మ మీద.

పిల్లవాడి కళ్లు తెల్లగా పైకి పోయి ఉన్నాయి. చిన్న పిడికిలి బిగిసి ఉంది. అవ్వ చెయ్యి మోకాలి మీద, వేళ్లు విడివిడిగా కనబడుతున్నాయి. మేనమామ ఒక్కో ఫ్రేమూ ముందుకు జరిపాడు. చెయ్యి లేచింది, గాల్లోకి వచ్చింది, తల వెనక్కి చేరింది. వెనక్కి జరిపాడు. చెయ్యి తిరిగి మోకాలి మీదికి పోయింది. ఎన్నిసార్లు కొట్టినా అదే చోట ఆగింది.

"చెయ్యి తర్వాతనే వెట్టింది, బాపూ," అన్నాడు మేనమామ తాతతో. "ఫిట్సే ముందొచ్చినయి."

అవ్వ కొడుకు గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకున్నాడు. గెలిచానని నాకు తెలిసింది. గెలిచినప్పుడు మాట్లాడకుండా ఉండాలని కూడా తెలుసు. కూర్చున్నాను.

తాత లేచాడు. చేతికర్ర మీద బరువు వేసి టీవీ దగ్గరికి నడిచాడు. బొమ్మకు ముఖం ఆనించినంత దగ్గరగా నిలబడ్డాడు.

"ఈమె యాడ సూస్తున్నది?"

మేనమామకు వెంటనే అర్థం కాలేదు. "ఎవలు?"

"గామె. పోరనికి ఫిట్సొచ్చినప్పుడు మీరంత ఏడ సూస్తున్నరు? నువ్వు కెమెర దిక్కు. నా బిడ్డ పంతులు దిక్కు. గీయన కత్తి దిక్కు. గామె యాడ సూస్తున్నది?"

అవ్వ పిల్లవాణ్ణి చూస్తోంది. ఫ్రేములో స్పష్టంగా ఉంది. ఇప్పుడు ప్రతి బొమ్మా పూర్తిగా ఉంది కదా, ముఖంలో కనుపాప కూడా కనబడుతోంది.

"ఎనకకు పో," అన్నాడు తాత. మేనమామ ఒక ఫ్రేము వెనక్కి జరిపాడు. అవ్వ చూపు పిల్లవాడి మీదే. "ఇంక ఎనకకు." చూపు అక్కడే. "ఇంక." పిల్లవాడి కళ్లు మామూలుగా అయిపోయాయి, నవ్వు వచ్చేసింది, అవ్వ చూపు మాత్రం అక్కడే ఉంది. నేను లేచి ఆపమన్నాను. ఆపలేదు. మేం ఇంతసేపూ సాధించిన ఖచ్చితత్వమంతా ఇప్పుడాయన చేతి కింద పని చేస్తోంది. ఒక్క ఫ్రేమూ తప్పిపోకుండా.

"చెయ్యి ఎనక వెట్టింది, ఒప్పుకుంటున్న. సారు జెప్పింది నిజమే. కన్ను ముందు వెట్టింది," అన్నాడు తాత. గడప వైపు తిరిగాడు. "ఏమే, ఎందుకు సూసినవ్?"

అవ్వ కూర్చున్నచోటు నుంచే చెప్పింది. "మూతి కొస అదురుతుంటె సూసిన, పటేలా. ఫిట్సులతోని పోయిన నా నడిపి పోరనికి గట్లనే అదిరేది. గందుకే సూసిన. పడ్తడని పట్టుకున్న."

"ఇంతమంది ఉన్నం. ఎవ్వలకు కనవడంది నీకే ఎట్ల కనవడ్డది?"

దానికి జవాబు నా దగ్గర ఉంది. నడిమి కొడుకు మూర్ఛతో చచ్చిపోయిన తల్లికి ఇంకో బిడ్డ పెదవి అదురుతుంటే కనబడుతుంది, అది జ్ఞానం, మంత్రం కాదు, అన్నాను. గొంతు చించుకున్నాను. పిల్లవాడి అమ్మ మొదటిసారి నోరు విప్పి, "నడిపి పోరడు గూడ ఈమె కన్నుకే పోయిండేమో," అంది. దాంతో అయిపోయింది.

పళ్లు ఊడగొట్టలేదు. చెయ్యి నిర్దోషి అని తేలింది కదా, ఊరు న్యాయంగానే ప్రవర్తించింది. నోటి జోలికి పోలేదు. కన్నుకే శిక్ష. పసిపిల్లలున్న వాడల్లో నడిచేటప్పుడు కొంగు ముఖం మీదికి, గడ్డం దాకా దించుకోవాలి. బోరింగు దగ్గర కూడా. పండుగలకు, పుట్టెంటికలకు రాకూడదు. ఆమె కొంగు ఎత్తడం ఎవరైనా చూస్తే మళ్లీ కూర్చుంటారు, అప్పుడు పళ్ల మాట ఆలోచిస్తారు.

ఠాణాకు పోయి ఫిర్యాదు రాశాను. రైటరు చదివి, "కొంగు కప్పుకొమ్మన్నరు. గిదేం కేసు సార్? ఎవలన్న కొట్టిన్రా?" అన్నాడు. పత్రికకు వ్యాసం రాశాను, వేశారు. ఆ ఊళ్లో ఎవరో దాన్ని ఫొటో తీసి గుంపులో పెట్టారట. మా ఊరు పేపర్లో పడిందని సంబరపడ్డారట.

పిల్లవాణ్ణి మేనమామ నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాడు. నేను అన్న ఆ ఒక్క మాటనైనా అతను పట్టించుకున్నాడు. డాక్టరు మందు రాసిచ్చాడు. రోజూ తాగించారు, మూర్ఛలు ఆగిపోయాయి. ఊళ్లో అందరికీ తెలుసు ఎందుకు ఆగిపోయాయో. కొంగు దించినప్పటి నుంచి ఆగిపోయాయి.

ఆ వీడియో నేను తియ్యకపోతే, ఆ ఫ్రేము నేను ఆపించకపోతే ఏమయ్యేదని నన్ను కొందరు మిత్రులు అడిగారు. పళ్లు పోయేవి. అంతే తేడా. మళ్లీ అలాంటి హాల్లో నిలబెట్టినా అదే చేస్తాను, అదే ఫ్రేము ఆపిస్తాను. నిజాన్ని ఒకడు దుర్వినియోగం చేస్తాడని అబద్ధాన్ని ఆడనిచ్చే రకాన్ని కాను. ఈ మాట గర్వంగా చెప్పడం లేదు. దాని ఖరీదు ఎవరు కట్టారో నాకు తెలుసు, కట్టింది నేను కాదు.

వానలు లేక కొడుకు మందను మక్తల్ దిక్కుకు తోలుకుపోయిన కాలంలో ఒకసారి ఆ ఊరికి పోయాను. అవ్వ దొడ్డి ముందు ఒంటరిగా కూర్చుని కంబడి నేతకు ఉన్ని దారం వడుకుతోంది. వాడ ఖాళీగా ఉంది, పిల్లలెవరూ లేరు. అయినా కొంగు గడ్డం దాకా ఉంది. దారం చేతి అంచనాతోనే నడుస్తోంది. నేను ఫలానా అని చెప్పాను.

"గొంతు గుర్తువట్టిన, సారూ. కూసో."

"ఇక్కడెవరూ లేరు అవ్వా. కొంగు తియ్యి. నాకు భయం లేదు, నేను ఇలాంటివి నమ్మను, నీకు తెలుసు కదా."

ఆమె వేళ్లు దారం మీద ఆగాయి.

"నీకు పిల్లలున్నరా, సారూ?"

"ఒక పాప ఉంది. మూడేళ్లు."

"సల్లగుండాలె," అంది. కొంగు అంచు పట్టుకుని ఇంకొంచెం కిందికి గుంజుకుంది.